జత వేరు, వంతు వేరు

లినక్స్ కంప్యూటర్లలో ఫైళ్లను వెతకడానికి `find` అనే ఆదేశం ఉంది. వెతికి దొరికినవాటిని తొలగించే పని కూడా దానికే అప్పగించవచ్చు. ఒక ఫోల్డర్‌లో పేరుకుపోయిన తాత్కాలిక ఫైళ్లను, అంటే `.tmp` తో ముగిసే పేర్లున్నవాటిని, తీసేయాలనుకుందాం. కింది రెండు వరుసల్లోనూ ఉన్నవి అవే మాటలు, మారినవి వాటి చోట్లు మాత్రమే.

```
find . -name '*.tmp' -delete
find . -delete -name '*.tmp'
```

మొదటి వరుస `.tmp` ఫైళ్లను మాత్రమే తొలగిస్తుంది. రెండోది ఆ ఫోల్డర్ లోపల ఉన్న ప్రతి ఫైలునూ, ప్రతి ఉపఫోల్డర్‌నూ ఊడ్చేస్తుంది. కారణం ఏమిటంటే, `find` కి మనం ఇచ్చేది ఒక షరతు. పక్కపక్కన రాసిన రెండు ముక్కల మధ్య కంటికి కనిపించని అండ్ ఒకటి ఉంటుంది. `-delete` కూడా దాని లెక్కలో ఒక ప్రశ్నే: తొలగించడం కుదిరితే నిజం, కుదరకపోతే అబద్ధం. మొదటి వరుసలో పేరు సరిపోలని ఫైలు ఎదురైతే ఎడమ భాగం అబద్ధమవుతుంది. అండ్‌లో ఒక పక్క అబద్ధమైతే రెండో పక్క ఏదైనా ఫలితం అబద్ధమే కనుక `find` కుడి పక్కకు వెళ్లదు. మిగతా ఫైళ్లు బతికి ఉన్నది అలా వెళ్లకపోవడం వల్లనే. రెండో వరుసలో ముందు తొలగింపు జరుగుతుంది, ఆ తర్వాతే పేరు ఏమిటన్న ప్రశ్న వస్తుంది. అప్పటికి ఆ ప్రశ్నకు జవాబు ఏదైనా ఒకటే. ఈ ఆదేశం తాలూకు అధికారిక వివరణలో కూడా `-delete` ను మొదట పెట్టవద్దని ప్రత్యేకంగా హెచ్చరిక రాసి ఉంది.

ఇప్పుడు `.tmp` ఫైళ్లతో పాటు `.bak` ఫైళ్లనూ తీసేయాలనుకుందాం. `-o` అంటే ఆర్.

```
find . -name '*.tmp' -o -name '*.bak' -delete
```

ఈసారి అతిగా తొలగడం కాదు, తక్కువగా తొలగడం సమస్య. `.bak` ఫైళ్లు పోతాయి, `.tmp` ఫైళ్లు ఒక్కటీ కదలదు, తప్పు జరిగిందన్న సందేశం కూడా రాదు. కనిపించని ఆ అండ్‌కి ఆర్ కంటే పట్టు ఎక్కువ. అందువల్ల `-delete` తన పక్కనున్న `.bak` తోనే జతకట్టింది. `.tmp` అన్న షరతు ఆర్‌కి అవతలి పక్కన ఒంటరిగా మిగిలింది. అది నిజమైన ప్రతిసారీ, ఆర్‌లో ఒక పక్క నిజమైతే చాలు కనుక, పని అక్కడితో ఆగిపోయింది.

ఈ రెండు వైఫల్యాలను చాలా పుస్తకాలు ఒకే గాటన కట్టి, ఆపరేటర్ల ప్రాధాన్యక్రమం గుర్తుపెట్టుకోవాలని చెప్పి ముగిస్తాయి. అది సరిపోదన్నదే ఈ అధ్యాయం వాదన. ఒక షరతును చదివేటప్పుడు రెండు వేర్వేరు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ ముక్క ఏ ముక్కతో జతకడుతుంది? ఏ ముక్క వంతు ఎప్పుడు వస్తుంది, అసలు వస్తుందా? మొదటిదాన్ని తేల్చేది ప్రాధాన్యక్రమం. రెండోదాన్ని తేల్చేది షార్ట్ సర్క్యూట్ పద్ధతి, అంటే జవాబు తేలిపోగానే మిగతా భాగాన్ని వదిలేయడం. `-delete` ముందుకు వచ్చినప్పుడు జతలు మారలేదు, వంతు మారింది. `.tmp` ఫైళ్లు మిగిలిపోయినప్పుడు వంతులు ఎడమ నుంచి కుడికి సక్రమంగానే నడిచాయి, జత తప్పింది. జత తప్పినచోట బ్రాకెట్లు పని చేస్తాయి. వంతు తప్పినచోట ఎన్ని బ్రాకెట్లు పెట్టినా ప్రయోజనం లేదు.

ఈ రెండూ కలిసిపోవడానికి మూలం బడి లెక్కల్లో ఉందని నా అభిప్రాయం. బోడ్‌మాస్ నేర్పేటప్పుడు గుణకారం ముందు చేయాలి, కూడిక తర్వాత చేయాలి అని చెబుతారు. 2 + 3 × 4 లో పన్నెండు ముందు రాసుకుని రెండు తర్వాత కలుపుతాం. జత కట్టడమూ, ముందు చేయడమూ అక్కడ ఒకటే అనిపిస్తాయి. సంఖ్యలకు అలా అనిపించినా నష్టం లేదు. రెండు ఎప్పుడు చూసినా రెండే, దాన్ని చూడటం వల్ల ఏదీ మారదు. ఆ సంఖ్యల స్థానంలో పనులు వచ్చినప్పుడు తేడా బయటపడుతుంది. సీ భాషలో `f() + g() * h()` అని రాస్తే `g`, `h` ల ఫలితాలు ముందు గుణించబడతాయన్నది ఖాయం. ఆ మూడు ఫంక్షన్లలో ఏది ముందు నడుస్తుందన్నది మాత్రం సీ ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. `f` ముందు నడిచినా తప్పు కాదు. జావా అయితే ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే నడవాలని నియమం పెట్టింది, కనుక అక్కడ `f` మొదట నడవాల్సిందే. గుణకారానికి ప్రాధాన్యం ఎక్కువగా ఉన్నా, దాని ముక్కలు కూడిక ముక్క తర్వాత నడుస్తున్నాయి.

షరతుల్లో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సీ భాషలో `f() || g() && h()` అన్న షరతును చూద్దాం. అండ్‌కి పట్టు ఎక్కువ కనుక ఇది `f() || (g() && h())` అన్నట్టే. పట్టు ఎక్కువ కాబట్టి `g`, `h` ముందు నడుస్తాయని అనుకుంటే పొరపాటు. ముందు నడిచేది `f`. అది నిజమైతే `g`, `h` లు రెండూ నడవనే నడవవు. ప్రాధాన్యం ఎక్కువగా ఉన్న ఆపరేటర్ మొత్తంగా వదిలివేయబడింది! ఇదే వరుసను లినక్స్ షెల్‌లో రాస్తే కథ ఇంకోలా ఉంటుంది. షెల్‌లో `&&`, `||` లకు సమాన ప్రాధాన్యం ఇచ్చారు, అవి ఎడమ నుంచి జతకడతాయి.

```
true || echo one && echo two
```

దీన్ని షెల్ `(true || echo one) && echo two` గా చదువుతుంది. ఎడమ బ్రాకెట్‌లో `true` నిజం కనుక `echo one` వదిలివేయబడుతుంది, బ్రాకెట్ మొత్తం నిజం కనుక `echo two` నడిచి తెరమీద `two` కనిపిస్తుంది. సీ భాష జత పద్ధతిలో అయితే `true` దగ్గరే కథ ముగిసి ఏమీ కనిపించకూడదు. రెండుచోట్లా వంతు ఎడమ నుంచి కుడికే, రెండుచోట్లా షార్ట్ సర్క్యూట్ ఉంది, తేడా అంతా జతలోనే ఉంది. ఒకటి మారకుండా రెండోది మారగలిగితే అవి రెండూ ఒకటి కావనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అక్కరలేదు.

మరి అండ్‌కి ఆర్ కంటే ఎక్కువ పట్టు ఎందుకు ఇచ్చారు? నిజాన్ని 1 గా, అబద్ధాన్ని 0 గా రాస్తే అండ్ గుణకారంలా ప్రవర్తిస్తుంది: రెండూ ఒకటైతేనే లబ్ధం ఒకటి. ఆర్ దాదాపు కూడికలా ఉంటుంది. తర్కాన్ని బీజగణితంగా రాయవచ్చని జార్జ్ బూల్ 1854 నాటి గ్రంథంలో చూపించినప్పటి నుంచి ఈ పోలిక నడుస్తోంది, గుణకారం ముందన్న అలవాటు కూడా దాని వెంటే వచ్చింది. కానీ ఇది అలవాటే తప్ప తర్కం విధించిన నియమం కాదు. సంఖ్యల్లో గుణకారాన్ని కూడిక మీద పంచవచ్చు, కూడికను గుణకారం మీద పంచలేం. తర్కంలో అండ్‌ని ఆర్ మీద, ఆర్‌ని అండ్ మీద రెండు విధాలా పంచవచ్చు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడానికి లోపలి కారణం లేదు. అందుకే 1980ల నాటి ఆడా భాష రూపకర్తలు ఇంకో దారి తీసుకున్నారు. అండ్, ఆర్‌లను బ్రాకెట్లు లేకుండా కలిపి రాస్తే ఆ ప్రోగ్రామ్ కంపైల్ కాదు. ఏది దేనితో జతో రాసేవాళ్లే చెప్పాలి. ఇది నాకు ఎంతో నచ్చిన నిర్ణయం.

ఎందుకు నచ్చిందో ఒక లెక్కతో చెబుతాను. ఒక ఉపకారవేతనానికి అర్హత ఇలా రాశారనుకుందాం: `disabled or poor and marks >= 60`. వికలాంగులైనా, పేదవారైనా సరే, అరవై మార్కులు మాత్రం అందరికీ తప్పనిసరి అన్నది ఉద్దేశం. పైథాన్ దీన్ని వికలాంగులకు మార్కుల నిబంధన లేదన్నట్టు చదువుతుంది. మూడు నిజ-అబద్ధాలకు కలిపి ఎనిమిది సందర్భాలు వస్తాయి. ఉద్దేశించిన అర్థంలో వాటిలో మూడింట జవాబు నిజం, రాసిన అర్థంలో ఐదింట నిజం. తేడా వచ్చేది రెండే సందర్భాల్లో, అంటే అరవై కంటే తక్కువ మార్కులొచ్చిన వికలాంగ విద్యార్థి పేదవారైనప్పుడు, కానప్పుడు. మిగతా ఆరింటిలో రెండు చదువులూ ఒకే జవాబు ఇస్తాయి. నాలుగైదు దరఖాస్తులతో సరిచూసుకుని అంతా బాగుందనుకునే వీలు అందుకే అంత ఎక్కువ. ఇలాంటి తప్పును పట్టుకోవాలంటే యాదృచ్ఛికంగా ఉదాహరణలు తీసుకోకూడదు. రెండు జతల మధ్య ఎక్కడ తేడా వస్తుందో ముందే లెక్కగట్టి, సరిగ్గా ఆ సందర్భాన్నే పరీక్షించాలి.

నాట్ సంగతి ఇంతకంటే చిక్కు, ఎందుకంటే దాని పట్టు భాషను బట్టి మారుతుంది. పైథాన్‌లో `not a == b` అంటే `a`, `b` సమానం కావు అని. సీ భాషలో `!a == b` అంటే ముందు `a` ను తిరగేసి, వచ్చినదాన్ని `b` తో పోల్చమని. దీని పర్యవసానం చూడాలంటే ఒక చిన్న సందర్భాన్ని పూర్తిగా నడిపించి చూద్దాం. `flags` అనే సంఖ్యలో ఒక్కో బిట్టూ ఒక్కో స్విచ్. 4 అనే విలువ ఉన్న స్విచ్ ఆఫ్‌లో ఉందా అని అడగాలి. సహజంగా తోచే రాతలు రెండున్నాయి.

```
if (!flags & 4) ...
if (flags & 4 == 0) ...
```

రెండూ తప్పే, అదీ ఎదురెదురు కారణాలతో. మొదటిదానిలో నాట్ పట్టు మరీ ఎక్కువ. అది `flags` నే తిరగేస్తుంది, కనుక ఫలితం 0 గానీ 1 గానీ అవుతుంది. ఆ రెండింటిలోనూ 4 విలువ గల బిట్ లేదు, కాబట్టి `& 4` తర్వాత మిగిలేది ఎప్పుడూ సున్నాయే. రెండోదానిలో `&` పట్టు మరీ తక్కువ. ముందు `4 == 0` జతకట్టి అబద్ధం, అంటే 0, అవుతుంది. దేనినైనా సున్నాతో `&` చేస్తే సున్నాయే. స్విచ్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా ఈ షరతులు ఎప్పటికీ నిజం కావు, వాటి కింద రాసిన పని ఎప్పటికీ జరగదు. ప్రోగ్రామ్ కూలిపోదు, ఫిర్యాదూ చేయదు. `!(flags & 4)` అనో `(flags & 4) == 0` అనో రాస్తేనే అడగదలచినది అడిగినట్టు. `!x & y` రూపంలోని తప్పులు లినక్స్ కెర్నెల్‌లో కూడా దొరికాయి, 2008లో వాటిని వెతికి సరిచేశారు. ఇప్పటి జీసీసీ కంపైలర్‌కు `-Wall` అని చెబితే పై రెండు రాతలకూ హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికలను తీసి పక్కన పెట్టేవాళ్లు తమ చేతిలోని ఉత్తమ సాక్షిని పంపేస్తున్నట్టే.

`&` పట్టు అంత తక్కువగా ఎందుకుందన్న ప్రశ్నకు సీ భాష సృష్టికర్త డెన్నిస్ రిచీయే సమాధానం రాశారు. సీకి ముందున్న బీ, బీసీపీఎల్ భాషల్లో `&&`, `||` లు లేవు. `&` ఒక్కటే రెండు పాత్రలు పోషించేది. షరతులో కనిపిస్తే వంతు పాటించే అండ్, మరోచోట కనిపిస్తే బిట్ల మీద చేసే లెక్క. షరతులో ఉన్నప్పుడు `a == b & c == d` లాంటివి బ్రాకెట్లు లేకుండా రాయాలి కనుక దాని పట్టు `==` కంటే తక్కువగా ఉండటం సబబే. తర్వాత ఆలన్ స్నైడర్ సూచనతో రెండు పాత్రలనూ విడదీసి షరతుల కోసం `&&`, `||` లను తెచ్చారు. విడదీసినప్పుడే `&` ను పైకి జరిపి ఉండాల్సింది. అప్పటికే రాసిన ప్రోగ్రాములు చెడిపోతాయని జరపలేదు. జరిపి ఉంటే బాగుండేదని రిచీ తర్వాత ఒప్పుకున్నారు. సీ నుంచి పుట్టిన భాషలు చాలావరకు ఆ క్రమాన్నే మోస్తున్నాయి. పైథాన్, గో, రస్ట్ మాత్రం `&` కు పోలికల కంటే ఎక్కువ పట్టు ఇచ్చాయి. అంటే ఒక భాషలో కంఠతా పట్టిన ప్రాధాన్య పట్టిక ఇంకో భాషలో చెల్లదు.

ఇక వంతు దగ్గరకు వద్దాం. తర్కశాస్త్రంలో `p` అండ్ `q`, `q` అండ్ `p` ఒక్కటే. ప్రోగ్రాముల్లో ఒక్కటి కావని మొదటే గుర్తించి, కావాలనే అలా ఉంచినవారు జాన్ మెకార్తీ. లిస్ప్ భాషకు పునాది వేసిన 1960 నాటి వ్యాసంలో ఆయన అండ్‌ని ఒక ఎంపికగా నిర్వచించారు: `p` నిజమైతే జవాబు `q`, లేకపోతే జవాబు అబద్ధం. ఈ నిర్వచనంలో `p` అబద్ధమైతే `q` ప్రస్తావనే రాదు. `q` కి అర్థమే లేకపోయినా, దాని లెక్క ఎప్పటికీ ముగియకపోయినా మొత్తానికి అర్థం ఉంటుంది. తిప్పి రాస్తే అర్థం పోతుంది. ఈ అసమానత లోపం కాదు, దానితోనే పనులు సాధ్యమవుతాయి. కంప్యూటర్ లోపల జరిగేది కూడా ఇదే. `if (A && B)` ను సీ కంపైలర్ మామూలుగా రెండు గెంతులుగా మారుస్తుంది: `A` ను లెక్కించు, అబద్ధమైతే చివరికి గెంతు, `B` ను లెక్కించు, అబద్ధమైతే చివరికి గెంతు, లేదంటే లోపలి పని చేయి. కాగితం మీద ఒక చిహ్నంలా కనిపించే అండ్ నడిచేటప్పుడు ఒక దారి మలుపు.

ఒక జాబితాలో ఒక విలువను వెతికే ఈ చిన్న లూప్‌లో ఆ మలుపు విలువ తెలుస్తుంది.

```
i = 0;
while (i < n && a[i] != x)
    i = i + 1;
```

జాబితాలో ఐదు విలువలున్నాయి, వాటి స్థానాలు 0 నుంచి 4 వరకు. `x` వాటిలో లేదనుకుందాం. `i` ఒక్కో అడుగూ వేస్తూ 5 కి చేరుతుంది. `5 < 5` అబద్ధం, కనుక `a[5]` ను ఎవరూ ముట్టుకోరు, లూప్ ఆగుతుంది. రెండు భాగాలనూ తిప్పి `a[i] != x && i < n` అని రాస్తే, జాబితా బయట ఉన్న `a[5]` ను ముందు చదివి, ఆ తర్వాతే హద్దు దాటామా అని అడుగుతుంది. ఇక్కడ గమనించాల్సింది, `x` జాబితాలో ఉన్నంతకాలం ఈ తప్పు బయటపడదు. లేనప్పుడు కూడా సీ భాషలో పక్కనున్న మెమరీ చదవడానికి వీలుగా ఉంటే లోపం మౌనంగా దాటిపోతుంది. పైథాన్‌లో అయితే `IndexError` వెంటనే ఎదురవుతుంది. సీలో పట్టుకోవాలంటే `-fsanitize=address` తో కంపైల్ చేసి, జాబితాలో లేని విలువను వెతికించాలి. ఉన్న విలువలతో వేయిసార్లు పరీక్షించినా దొరకదు. తొలినాటి పాస్కల్ భాషలో అండ్‌కి వంతు హామీ లేదు. ఈ సాధారణమైన లూప్‌ను అక్కడ ఇంత తేలికగా రాయడానికి వీలుండేది కాదు, అదనంగా ఒక చరరాశి పెట్టుకోవాల్సి వచ్చేది. ఆడా ఇక్కడ కూడా విషయాన్ని దాచలేదు. వంతు పాటించాలంటే `and then`, `or else` అని వేరే మాటలే రాయమంది.

ఆ లూప్ ముగిశాక మనకు తెలిసేది ఏమిటి? షరతు అబద్ధమైంది, అంటే `!(i < n && a[i] != x)`. నాట్‌ని లోపలికి తీసుకెళ్తే అండ్ ఆర్‌గా మారుతుందన్నది డి మోర్గన్ నియమం: `i >= n || a[i] == x`. అండ్‌ని అలాగే ఉంచేసి `i >= n && a[i] == x` అని రాయడం చాలామంది చేసే పొరపాటు. అలా రాస్తే హద్దు దాటిందని తెలిశాకే హద్దు బయటి విలువను చదువుతుంది. డి మోర్గన్ నియమంలో పుస్తకాలు అరుదుగా చెప్పే ఒక మంచి గుణం ఉంది. భాగాల క్రమాన్ని మార్చకుండా వాడితే అది వంతును కూడా కాపాడుతుంది. ఎడమ భాగం జవాబు తేల్చేసే సందర్భాలు రెండు రూపాల్లోనూ ఒకటే, కనుక కుడి భాగం రెండింటిలోనూ సరిగ్గా ఒకే సందర్భాల్లో నడుస్తుంది. కాబట్టి లూప్ తర్వాత దొరికిందా అని అడిగేటప్పుడు `i < n` అని ముందు చూడాలి, నేరుగా `a[i] == x` అని అడగకూడదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. షరతుల్లో కేవలం ప్రశ్నలే రాయాలి, ఏదైనా మార్చే పనులు రాయకూడదు. ఆ క్రమశిక్షణ పాటిస్తే క్రమం ఎలా ఉన్నా ఒకటే కదా అంటారు. క్రమశిక్షణ మంచిదే, దాన్ని నేనూ సమర్థిస్తాను. కానీ పై లూప్‌లో ఏ భాగమూ దేన్నీ మార్చడం లేదు. రెండూ శుద్ధమైన ప్రశ్నలే, అయినా క్రమం మారితే ప్రోగ్రామ్ చెడింది. అడగడానికే అర్హత అవసరమైన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. `x` సున్నా కాకపోతేనే `y/x` గురించి అడగగలం, ఆ రికార్డు ఉంటేనే అందులోని పేరు అడగగలం. ఎడమ భాగం కుడి భాగానికి ఆ అర్హతను ఇస్తుంది.

మార్చే పనులు షరతులోకి చొరబడితే ఎంత దూరం పోవచ్చో 2003 నవంబర్‌లో లినక్స్ కెర్నెల్ విషయంలో బయటపడింది. అసలు సోర్స్ కోడ్ బిట్‌కీపర్ అనే వ్యవస్థలో ఉండేది, దానికి సీవీఎస్ రూపంలో ఒక నకలు ఉండేది. ఎవరో ఆ నకలులోకి చొరబడి `wait4` అనే సిస్టమ్ కాల్‌లో రెండు వరుసలు చేర్చారు.

```
if ((options == (__WCLONE|__WALL)) && (current->uid = 0))
        retval = -EINVAL;
```

కుడి భాగంలో ఉన్నది `==` కాదు, ఒంటరి `=`. అది పోలిక కాదు, ఈ ప్రోగ్రామ్‌ను నడుపుతున్నవారి గుర్తింపు సంఖ్యను 0 గా మార్చడం. 0 అంటే యంత్రం మీద సర్వాధికారాలున్న రూట్. ఆ మార్పు తర్వాత భాగం విలువ 0, అంటే అబద్ధం, కనుక కింది వరుస ఎప్పటికీ నడవదు, బయటికి ఏ ఎర్రర్ కనిపించదు. దీనిలోని కుతంత్రం మొత్తం షార్ట్ సర్క్యూట్ మీద నిలబడింది. మామూలు ప్రోగ్రాములు ఏవీ ఇవ్వని రెండు ఆప్షన్లను కలిపి ఇచ్చినప్పుడే ఎడమ భాగం నిజమవుతుంది, అప్పుడే కుడి భాగానికి వంతు వస్తుంది. రెండు భాగాలనూ తిప్పి ఉంటే `wait4` ను పిలిచిన ప్రతి ప్రోగ్రామూ రూట్ అయిపోయి, ఆ పూటే అందరికీ తెలిసిపోయేది. ఎడమన ఉండటం వల్ల ఆ ప్రశ్న తలుపులా, తెలిసినవాడికే తెరుచుకునేలా, పనిచేసింది. బిట్‌కీపర్‌లో జాడ లేని మార్పు నకలులో ఎలా వచ్చిందన్న అనుమానంతో అది దొరికిపోయింది, అసలు కెర్నెల్‌లోకి చేరలేదు. షరతును సమీక్షించేవాళ్లు ఒక్కో భాగాన్ని విడివిడిగా చూసి ఊరుకోకుండా, ఈ భాగం ఎప్పుడెప్పుడు నడుస్తుంది అని అడగాలనడానికి నాకు తెలిసిన అత్యంత గట్టి ఉదాహరణ ఇది.

ఇంకో అభ్యంతరం బ్రాకెట్ల గురించి. అన్నిచోట్లా బ్రాకెట్లు పెడితే ఈ గొడవే ఉండదంటారు. జత విషయంలో అది నిజం, మొదట్లో చూసిన ఆదేశాన్ని `find . \( -name '*.tmp' -o -name '*.bak' \) -delete` అని రాస్తే సరిపోతుంది. కానీ `(y/x > 1.5) && (x > 0)` లో బ్రాకెట్లు నిండుగా ఉన్నాయి, పూర్ణాంకాలతో `x` సున్నా అయిన రోజున భాగహారం దగ్గర అది కూలుతుంది. ఆ కోడ్‌ను చదివేవాళ్లకు బ్రాకెట్లు ఇచ్చే ధీమా వల్ల ఇంకొంత నష్టం కూడా ఉంది: జాగ్రత్తగా రాసినట్టు కనిపిస్తుంది కనుక రెండోసారి చూడరు.

భాగాలను సరైన క్రమంలో రాయడం కూడా సరిపోని చోటు ఒకటుంది, అది డేటాబేస్. ఎస్‌క్యూఎల్‌లో అండ్‌కి ఆర్ కంటే పట్టు ఎక్కువ, అంటే జత నియమం మనకు తెలిసినదే. వంతు హామీ మాత్రం లేదు. ఏ షరతును ముందు చూస్తే త్వరగా పని అవుతుందో డేటాబేస్ తనే లెక్క వేసుకుంటుంది. ఒక కాలమ్‌కు ఇండెక్స్ ఉంటే దానితో మొదలుపెట్టవచ్చు, మనం దాన్ని చివర రాసినా సరే. లక్షల వరుసల పట్టికలో ఆ స్వేచ్ఛ వల్ల కలిగే లాభం పెద్దది, కనుక ఎస్‌క్యూఎల్ ఆ హామీ ఇవ్వకపోవడాన్ని తప్పు పట్టలేం. కానీ `WHERE x > 0 AND y/x > 1.5` అని రాసి, ఎడమ భాగం కాపాడుతుందని నమ్మడం కుదరదు. పోస్ట్‌గ్రెస్ వివరణ పత్రం ఈ ఉదాహరణనే చూపించి, వంతు తప్పనిసరైనప్పుడు `CASE` వాడమంటుంది.

```
WHERE CASE WHEN x > 0 THEN y/x > 1.5
           ELSE false END
```

ఇది మెకార్తీ 1960లో అండ్‌కి ఇచ్చిన నిర్వచనమే, చిహ్నాన్ని విప్పి పూర్తిగా రాసిన రూపం. ఇలా రాస్తే డేటాబేస్‌కు క్రమాన్ని మార్చే స్వేచ్ఛ పోతుంది, కొంత వేగం కూడా తగ్గవచ్చు, కనుక నిజంగా అవసరమైనచోటే వాడాలి. దీనికీ ఒక హద్దుంది. ఏ వరుస మీదా ఆధారపడని స్థిరమైన లెక్కలను పోస్ట్‌గ్రెస్ క్వెరీ మొదలవకముందే, పథకం వేసుకునే దశలోనే చేసేసుకుంటుంది. `CASE WHEN x > 0 THEN x ELSE 1/0 END` అని రాస్తే, పట్టికలో ప్రతి `x` సున్నా కంటే ఎక్కువే అయినా, `1/0` వంతు ఎన్నటికీ రాకూడనిదే అయినా, సున్నాతో భాగించారన్న ఎర్రర్‌తో క్వెరీ ఆగిపోయే అవకాశం ఉంది.